3 కోట్ల ఆదా నుంచి 18 లక్షల దాకా: ఒక విశాఖ లాజిస్టిక్స్ ప్రొఫైల్‌ను తిరగరాసిన తీరు

అచ్యుతాపురంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ. అక్కడ స్టోర్స్, దిగుమతులు రెండూ చూసే అసిస్టెంట్ మేనేజర్ ఉద్యోగ ప్రొఫైల్ ఇది. అనుభవం తొమ్మిదేళ్లు. పనిమంతుడని ఆయన రిజిస్టర్లు చూస్తే ఇట్టే తెలుస్తుంది, ప్రొఫైల్ చూస్తే మాత్రం తెలియదు. రెండు పేజీల్లో ఎక్కువ భాగం “వెండర్ మేనేజ్‌మెంట్ చూస్తాను, క్లియరెన్స్ చూస్తాను” అనే బాధ్యతల జాబితానే. ఫలితాలు చెప్పే వాక్యాలు మూడే ఉన్నాయి:

“లాజిస్టిక్స్ ఖర్చులు 40 శాతం తగ్గించాను.”

“ఇన్వెంటరీ నియంత్రణతో కంపెనీకి 3 కోట్లు ఆదా చేశాను.”

“పనితీరు మెరుగుపరచి వాహనాల టర్నరౌండ్ టైమ్ బాగా తగ్గించాను.”

అసలు ప్రొఫైల్ ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ విషయం తెలుగులో చెబుతున్నాం. కంపెనీని గుర్తుపట్టకుండా అంకెలు మార్చాం గానీ లెక్క నడిచిన దారి మార్చలేదు.

ఈ మూడు వాక్యాల్లో కావాలని రాసిన అబద్ధమేమీ లేదు. మూడింటికీ వెనక ఏదో ఒక కాగితం ఉంది. అయినా ప్లాంట్ హెడ్‌గానో సప్లై చెయిన్ హెడ్‌గానో కూర్చున్న మనిషి వీటిని నమ్మడు. ఆ కుర్చీలో ఉన్నవాళ్లు తమ బాస్‌కి ఇలాంటి లెక్కలు ఏటా ఒప్పజెప్పేవాళ్లే. 40 శాతం అంటే దేనిలో 40 శాతం, ఆ 3 కోట్లు ఏ ఖాతాలో తగ్గాయి అని వాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది. ప్రొఫైల్‌లో జవాబు లేకపోతే ఇంటర్వ్యూకి పిలిచి మరీ అడగరు, పక్కన పెట్టేస్తారు.

40 శాతం ఎవరిది?

మొదటి వాక్యం వెనక ఉన్నది లెడ్జర్ మొత్తం. 2022-23లో లాజిస్టిక్స్ ఖర్చు ఎంత, 2023-24లో ఎంత అని తీసి తేడాను శాతంగా రాశారు. ఆ మొత్తంలో సముద్ర రవాణా కిరాయి, క్లియరింగ్ ఖర్చులు, పోర్టు నుంచి ఫ్యాక్టరీకి లారీ కిరాయి, కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు పడే డిటెన్షన్, సరుకు ఆగిన చోట కట్టే గ్రౌండ్ రెంట్ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. విడదీస్తే తగ్గుదలలో సింహభాగం సముద్ర కిరాయిదే.

ఆ కిరాయి తగ్గింది మార్కెట్ వల్ల. డ్రూరీ సంస్థ లెక్కగట్టే ప్రపంచ కంటైనర్ సూచీ 2021 సెప్టెంబరులో 40 అడుగుల కంటైనర్‌కు 10 వేల డాలర్లు దాటింది. 2023 మార్చికల్లా 2 వేల డాలర్ల దిగువకు వచ్చింది. ఆ రెండేళ్లలో దిగుమతులు చేసిన ప్రతి కంపెనీ లెడ్జర్‌లోనూ ఇదే గీత కనిపిస్తుంది, అక్కడ ఎవరు పనిచేసినా సరే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక కిరాయిలు మళ్లీ పెరిగాయి కాబట్టి, 2024ను పాత ఏడాదిగా పెట్టుకుని 2025తో పోల్చి రాసేవాళ్లకూ ఇదే గొయ్యి ఎదురవుతుంది. చదివేవాళ్లకు ఈ తేదీలు కంఠతా వచ్చు. అందుకే ఆ వాక్యం పూర్తిగా తీసేశాం. కిరాయి విషయంలో తన ఘనత చెప్పుకోవాలంటే మార్గం ఒకటే: అదే నెలల్లో, అదే రూట్లో మార్కెట్ రేటు ఎంతుందో చూపించి, దానికంటే ఎంత తక్కువకు బుక్ చేశారో చెప్పాలి. ఆయన దగ్గర ఆ రికార్డు లేదు.

పాత ఏడాదిని ఎంచుకోవడంలో విశాఖ వాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ తుపాన్ల కాలం. వాయుగుండం పడిందంటే ఓడలు బయటే ఆగుతాయి, కంటైనర్లు పేరుకుంటాయి, డిటెన్షన్ బిల్లులు ఉబ్బుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన నెలను ‘ముందు’గా పెట్టుకుంటే ఆ తర్వాత ఏ నెలైనా ఆదాగానే కనిపిస్తుంది. ఆర్థిక సంవత్సరపు మూడో త్రైమాసికాన్ని నాలుగోదానితో పోల్చడం ఇక్కడ పనికిరాదు. పూర్తి ఏడాదిని పూర్తి ఏడాదితోనో, అవే నెలలను అవే నెలలతోనో పోల్చాలి.

ప్రొఫైల్‌లో లేని అసలు పని

లెడ్జర్ విడదీసినప్పుడు ఒక పద్దు విడిగా కళ్లబడింది. డిటెన్షన్, గ్రౌండ్ రెంట్ కలిపి 2022-23లో 62.10 లక్షలు, మరుసటి ఏడాది 28.08 లక్షలు. ఆ తగ్గుదల ఈయన చేతిమీదుగా జరిగిందే. కానీ ప్రొఫైల్‌లో దాని ఊసే లేదు. కట్టాల్సిన పనిలేని డబ్బు కట్టామని ఎలా రాసుకుంటామన్నది ఆయన సంకోచం. ఇది చాలామందిలో చూస్తాం. ఆగిపోయిన లీకేజీని విజయంగా లెక్కేయరు. నిజానికి కొత్తగా తీసుకునే యజమానికి ఇదే ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే ఆ లీకేజీ ఆయన దగ్గరా ఉంటుంది.

డిటెన్షన్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కంటైనర్ షిప్పింగ్ లైన్‌ది. ఓడ నుంచి దిగాక ఖాళీ పెట్టెను వాళ్లు చెప్పిన యార్డులో అప్పగించేదాకా కొన్ని రోజులు ఉచితం, వాటినే ఫ్రీ డేస్ అంటారు. అవి దాటితే రోజుకింతని డాలర్లలో వేస్తారు, రోజులు గడిచేకొద్దీ ఆ రేటు మెట్లుమెట్లుగా పెరుగుతుంది. పోర్టు బయట కంటైనర్లు ఉంచి కస్టమ్స్ పని చేయించే సీఎఫ్‌ఎస్ యార్డులో సరుకు ఆగితే వేసే గ్రౌండ్ రెంట్ దీనికి అదనం.

ఆ కాలంనాటి ఒక్క కంటైనర్‌ను తీసుకుని చూద్దాం. 20 అడుగుల పెట్టె, ఫ్రీ డేస్ 10. ఓడ దిగిన రోజును సున్నా అనుకుంటే, ఇన్‌వాయిస్‌లోని బరువుకూ ప్యాకింగ్ లిస్టులోని బరువుకూ పొంతన కుదరక కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ మూడో రోజున పడింది. పరీక్ష, సుంకం అన్నీ అయి, సరుకు తీసుకెళ్లడానికి కస్టమ్స్ ఇచ్చే అవుట్ ఆఫ్ చార్జ్ అనుమతి ఏడో రోజున వచ్చింది. ఎనిమిదో రోజు సాయంత్రం లారీ షీలానగర్ మీదుగా అచ్యుతాపురం గేటు చేరింది. అక్కడ నుంచి పెట్టె ఫ్యాక్టరీ యార్డులోనే నిలబడింది. క్వాలిటీ వాళ్లు శాంపిల్ తీయాలి, అన్‌లోడింగ్ బే ఖాళీ అవ్వాలి, ఒకే ఒక్క ఫోర్క్‌లిఫ్ట్ ఉత్పత్తి వాళ్ల దగ్గర్నుంచి తిరిగి రావాలి. పన్నెండో రోజున సరుకు దిగింది. యార్డులో ఖాళీ పెట్టె అప్పగించినట్టు ఈఐఆర్ చీటీపై పడిన తేదీ పద్నాలుగో రోజు. నాలుగు రోజులకు డిటెన్షన్.

ఇలాంటివి వరుసగా 60 పెట్టెల తేదీలు ఈఐఆర్ చీటీలు, గేటు రిజిస్టరు చూసి ఎక్సెల్‌లో వేస్తే తేలిందేమిటంటే, వృథా అయిన రోజుల్లో సగానికి పైగా తమ గేటు లోపలే పోతున్నాయి. అప్పటిదాకా అందరూ తిట్టింది మాత్రం కస్టమ్స్‌నీ క్లియరింగ్ ఏజెంటునీ.

మార్పులు మూడు జరిగాయి. ఒకటి, కాగితాలు. సరఫరాదారు నుంచి డ్రాఫ్ట్ బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు ఓడ రావడానికి పది రోజుల ముందే తెప్పించి, బరువులు, సుంకం తేల్చే హెచ్‌ఎస్ కోడ్, సరుకు అందుకునే కన్సైనీ పేరు సరిచూసి, బిల్ ఆఫ్ ఎంట్రీ ముందుగానే వేయించడం. ఓడ వచ్చే ముందు రోజు ముగిసేలోపు వేయాలన్నది 2021 నుంచి ఉన్న సాధారణ నిబంధన. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5 వేలు, ఆపైన రోజుకు 10 వేలు ఫీజు. రెండు, గేటు లోపలి పని. రెండో ఫోర్క్‌లిఫ్ట్‌ను నెలకు 45 వేలకు అద్దెకు తీసుకుని దిగుమతులకే కేటాయించడం, షిఫ్టుకు రెండు పెట్టెలు దింపాలని స్లాట్లు పెట్టడం, శాంపిల్‌ను బే దగ్గర కాకుండా గేటు దగ్గరే తీయించడం. మూడు, ఏటా తెచ్చే పెట్టెల సంఖ్య చూపించి ఫ్రీ డేస్‌ను 10 నుంచి 14కు పెంచమని లైన్‌తో మాట్లాడటం. ఈ మూడోది కొనుగోలు విభాగాధిపతి చేశారు. ఈయన డేటా ఇచ్చారు.

లెక్క

62.10 నుంచి 28.08 తీసేసి 34 లక్షలు అని రాసేస్తే సరిపోదు. రెండేళ్లలో వచ్చిన పెట్టెల సంఖ్య వేరు: 2022-23లో 412, 2023-24లో 468. అందుకే పెట్టెకు ఎంత అన్నదే చూడాలి. పైగా పాత ఏడాదిలో 22 పెట్టెల లాట్ ఒకటి కస్టమ్స్ ల్యాబ్ రిపోర్టు కోసం వారాల తరబడి ఆగింది. ఆ ఒక్కదానికే 9.45 లక్షలు పడింది. అలాంటిది ఏటా జరగదు. దాన్ని పాత ఏడాదిలో ఉంచితే ఆదా ఎక్కువగా కనిపిస్తుంది, ఇంటర్వ్యూలో ఎవరైనా తవ్వితే మొత్తం లెక్క మీదే నమ్మకం పోతుంది. తీసేశాం.

```
పాత ఖర్చు, పెట్టెకు   = 52,65,000 / 390 = 13,500
కొత్త ఖర్చు, పెట్టెకు  = 28,08,000 / 468 = 6,000
స్థూల ఆదా = (13,500 - 6,000) × 468 = 35,10,000
ఫోర్క్‌లిఫ్ట్ అద్దె = 45,000 × 12 = 5,40,000
నికర ఆదా = 29,70,000
```

సరళంగా చూస్తే 34 లక్షలు, పెట్టెల సంఖ్యతో సరిచేస్తే 35, దానికోసం పెట్టిన ఖర్చు తీసేస్తే దాదాపు 30. ఆ ఖర్చు తీయడం చాలామంది మరిచిపోతారు. ఫోర్క్‌లిఫ్ట్ అద్దె వేరే కాస్ట్ సెంటర్‌లో పడుతుంది కాబట్టి లాజిస్టిక్స్ లెడ్జర్ చూసినవాళ్లకు అది కనబడదు. ఫైనాన్స్ వాళ్లకు కనబడుతుంది.

ఇక ఇందులో ఈయన వాటా ఎంత? అందరూ తప్పించుకునే ప్రశ్న ఇదే. వేరుచేసే పద్ధతి కష్టమేమీ కాదు. పాత ఏడాది పెట్టెల తేదీలు అలాగే ఉంచి ఫ్రీ డేస్ మాత్రం 14 అనుకుని బిల్లు మళ్లీ కట్టి చూశాం. పెట్టెకు 13,500 కాస్తా 11,000 అయింది. అంటే 2,500 చర్చల వల్ల తగ్గింది. మిగిలిన 5,000 రోజులు తగ్గించడం వల్ల. వరుస మార్చి, అంటే ముందు రోజులు తగ్గించి తర్వాత ఫ్రీ డేస్ పెంచి చూస్తే పంపకం కొంచెం మారుతుంది, ఈయన వాటా 5,300 అవుతుంది. రెండింట్లో చిన్నదే తీసుకున్నాం. 468 పెట్టెలకు 23.40 లక్షలు, ఫోర్క్‌లిఫ్ట్ అద్దె పూర్తిగా ఈ పనిదే కాబట్టి 5.40 తీసేస్తే 18 లక్షలు.

3 కోట్లని మొదలుపెట్టినవాళ్లకు 18 లక్షలు చిన్నగా అనిపించడం సహజం. ఆయనకూ అనిపించింది. కానీ ఈ 18 లక్షలకు లెడ్జర్ పద్దు ఉంది, పెట్టెల సంఖ్య ఉంది, ఏం చేస్తే తగ్గిందో ఉంది, ఎవరి వాటా ఎంతో ఉంది. ప్రొఫైల్‌లో వాక్యం ఇలా కుదిరింది:

“ఏడాదికి 468 దిగుమతి కంటైనర్లపై డిటెన్షన్, గ్రౌండ్ రెంట్‌ను కంటైనర్‌కు 55 శాతం తగ్గించాం (2022-23తో పోలిస్తే 2023-24). ముందస్తు బిల్ ఆఫ్ ఎంట్రీ, స్లాట్ పద్ధతిలో అన్‌లోడింగ్ ద్వారా నా వంతు నికర ఆదా 18 లక్షలు. మిగతాది కొనుగోలు విభాగం సాధించిన అదనపు ఫ్రీ డేస్ వల్ల, దానికి డేటా నేనిచ్చాను.”

దీని పక్కనే ఇంకొక అంకె పెట్టాం: 14 రోజుల్లోపు ఖాళీగా అప్పగించిన పెట్టెలు 41 శాతం నుంచి 78 శాతానికి పెరిగాయి. సగటు రోజులు రాయలేదు. డిటెన్షన్ రేటు మెట్లుమెట్లుగా పెరుగుతుంది కాబట్టి బిల్లులో ఎక్కువ భాగం బాగా ఆలస్యమైన కొద్ది పెట్టెలదే. సగటు వాటిని దాచేస్తుంది. ఈ పని తెలిసినవాళ్లు గడువులోపు ఎన్ని తిరిగొచ్చాయన్నదే చూస్తారు.

ఆ 3 కోట్లు

మార్చి 31న స్టోర్స్ విలువ 11 కోట్ల నుంచి మరుసటి మార్చికి 8 కోట్లకు తగ్గింది. తేడా 3 కోట్లు, ఆదా 3 కోట్లు అని రాశారు. ఈ రంగంలో ప్రొఫైళ్లను ఎక్కువగా చెడగొట్టే తప్పు ఇదే.

స్టాక్ తగ్గితే ఖర్చు తగ్గినట్టు కాదు, ఇరుక్కున్న డబ్బు ఒకసారి బయటికి వచ్చినట్టు. లాభనష్టాల పట్టికలో కనిపించేది ఆ డబ్బు మీద మిగిలిన వడ్డీ మాత్రమే. కాబట్టి రెండు అంకెలను విడివిడిగా రాయాలి. ఆ పని చేసేముందు 3 కోట్లు నిజంగా 3 కోట్లేనా అని చూడాలి.

మొదట, సంవత్సరాంతపు నిల్వను నమ్మకూడదు. మార్చి చివర్లో కొనుగోళ్లు బిగబట్టి ఏప్రిల్‌లో వదలడం అందరికీ తెలిసిన కిటుకే. కంపెనీ సాఫ్ట్‌వేర్ SAPలో MB5B రిపోర్టుతో 12 నెలలాఖరు నిల్వలు తీసి సగటు చూశాం. ఇక్కడ అదృష్టవశాత్తూ సగటులోనూ దాదాపు అదే తగ్గుదల ఉంది. తర్వాత, కదలని సరుకును రైటాఫ్ చేయడం వల్ల విలువ పడిపోయిందేమో చూశాం, అలాంటిది లేదు. ఉంటే అది నష్టం, ఆదా కాదు.

మూడోది ధర. విలువలు పక్కనపెట్టి టన్నుల్లో చూస్తే సగటు నిల్వ 620 నుంచి 495కు తగ్గింది, అంటే 20 శాతం. విలువ మాత్రం 27 శాతం తగ్గింది. ఆ తేడా ముడిసరుకు ధర పడిపోవడం వల్ల వచ్చింది. తగ్గిన 125 టన్నులను ఇప్పటి ధరకు కడితే 2 కోట్లు. మిగతా కోటి మార్కెట్ ఇచ్చింది, రేపు తీసుకుపోతుంది.

2 కోట్ల మీద వడ్డీకి కంపెనీ బ్యాంకుకు కట్టే క్యాష్ క్రెడిట్ రేటు, సుమారు 10 శాతం, వేశాం. ఏడాదికి 20 లక్షలు. పాఠ్యపుస్తకాల్లో నిల్వ ఖర్చు 20 నుంచి 25 శాతం అని ఉంటుంది, అందులో గోదాము, బీమా, పాడైపోవడం అన్నీ కలుపుతారు. కానీ గోదాము సొంతది, 125 టన్నులు తగ్గాయని దాని ఖర్చు ఒక్క రూపాయి తగ్గలేదు. గోదాము ఖాళీ చేసి అద్దె మానేస్తేనే ఆ భాగం వేసుకోవాలి.

ఇదే ఏడాది వాడకం పెరిగింది. పాత పద్ధతిలోనే నడిచి ఉంటే నిల్వ 700 టన్నులు దాటేది, ఆ లెక్కన ఆదా ఇంకా ఎక్కువని ఆయన వాదన. అది నిజమే. అయితే దాన్ని రూపాయల్లో రాస్తే జరగని ఖర్చును ఆదాగా చూపినట్టవుతుంది. దాని బదులు రోజుల్లో రాశాం: ముడిసరుకు నిల్వ 30 రోజుల వాడకం నుంచి 21 రోజులకు తగ్గింది. వాడకం పెరుగుదల అందులో దానంతటదే ఇమిడిపోయింది.

నిల్వ ఎలా తగ్గిందో కూడా వాక్యంలో ఉండాలి. లేకపోతే కొనడం ఆపేసి లైన్ ఆగే పరిస్థితి తెచ్చారేమో అని అనుమానిస్తారు. ఇక్కడ కారణం పైన చెప్పిన పనే. ఓడ దిగాక సరుకు చేతికి రావడానికి ఒకసారి 9 రోజులు, ఒకసారి 22 రోజులు పట్టే కాలంలో ఆ అనిశ్చితికి సరిపడా అదనపు నిల్వ పెట్టుకునేవారు. అది 7 నుంచి 13 రోజుల మధ్యకు కుదిరాక ఆ అదనం అక్కర్లేకపోయింది. ముడిసరుకు లేక ఉత్పత్తి ఆగిన సందర్భాలు ఆ ఏడాది లేవని ప్రొడక్షన్ లాగ్ చూసి నిర్ధారించుకున్నాకే ఆ మాటను వాక్యానికి చేర్చాం.

“ముడిసరుకు నిల్వను 30 రోజుల నుంచి 21 రోజులకు తగ్గించి, ఉత్పత్తి ఆగకుండా 2 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ విడుదల చేశాను. వడ్డీ ఆదా ఏడాదికి సుమారు 20 లక్షలు.”

ఈ 20 లక్షలనూ పై 18 లక్షలనూ కలిపి 38 అని ఎక్కడా రాయలేదు. మూలకారణం ఒకటే అయినా డబ్బు వేర్వేరు ఖాతాల్లో మిగిలింది కాబట్టి రెండుసార్లు లెక్కించినట్టు కాదు. కానీ ఒకటి ఆపరేషన్స్ ఖర్చు, ఒకటి ఫైనాన్స్ ఖర్చు. కలిపితే చదివేవాళ్లు మళ్లీ విడదీసుకోవాలి.

లారీ సమయానికి రూపాయలు వద్దు

మూడో వాక్యంలో “బాగా” అన్నచోట అంకె పెట్టడమే పని. గేటు రిజిస్టరులో మూడు వారాలు పాతవి, మూడు వారాలు కొత్తవి తీసి మధ్యస్థం చూస్తే లోపలికి వచ్చిన లారీ బయటికి వెళ్లడానికి 6 గంటల 40 నిమిషాలు పట్టేది 3 గంటల 50 నిమిషాలకు వచ్చింది. కాటా, శాంపిల్, బే, సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్ ఈ నాలుగింటిలో ఆగింది శాంపిల్ దగ్గరే. క్వాలిటీ మనిషి రోజుకు రెండే వేళల్లో వచ్చేవాడు.

దీన్ని కూడా రూపాయల్లోకి మార్చాలని ఆయన పట్టు. లారీకి గంటకింతని వేసి గుణిస్తే పెద్ద అంకే వస్తుంది. కానీ ఈ కంపెనీ ట్రాన్స్‌పోర్టర్లకు హాల్టింగ్ చార్జీ కట్టేదే కాదు, కిరాయి రేటూ తగ్గలేదు. మిగిలిన సమయం ట్రాన్స్‌పోర్టర్‌ది. ఎవరి జేబులోనూ పడని డబ్బును ప్రొఫైల్‌లో వేస్తే పక్కనున్న నిజమైన అంకెలకూ మచ్చ వస్తుంది. గంటల్లోనే ఉంచాం.

ఎంత చెప్పాలి, ఎక్కడ పెట్టాలి

లైన్ ఇచ్చిన డాలర్ రేటు, సరఫరాదారు పేరు, ముడిసరుకు ధర ప్రొఫైల్‌లో ఉండకూడదు. SAP స్క్రీన్‌షాట్ జతచేయడం అసలే వద్దు. అలా చేసినవాడు రేపు మన సంగతులూ బయటపెడతాడని కొత్త యజమాని అనుకుంటాడు. కంపెనీ రూపాయల మొత్తాలు బయటపెట్టనివ్వకపోతే శాతం, పెట్టెకు, రోజులు అన్న కొలతలు చాలు. కానీ పని పరిమాణం తెలిపే ఒక అంకె మాత్రం ఉండాల్సిందే. నెలకు నాలుగు పెట్టెలు తెచ్చేచోట 55 శాతానికీ, నలభై తెచ్చేచోట 55 శాతానికీ పోలిక లేదు.

అందుకే అనుభవం విభాగంలో మొదటి వరుస ఫలితం కాదు, పరిమాణం: “ఏడాదికి 468 కంటైనర్లు, సుమారు 8,400 టన్నుల ముడిసరుకు దిగుమతి. విశాఖ పోర్టు నుంచి ప్లాంటు దాకా. స్టోర్స్‌లో 11 మంది.” దాని కింద పైన తిరగరాసిన మూడు వాక్యాలు. బాధ్యతల జాబితాను రెండు వరుసలకు కుదించాం, వెతికేవాళ్లు టైప్ చేసే మాటలు (SAP MM, import clearance, inventory control) అందులో ఉండేలా చూశాం.

లింక్డిన్‌లో హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు, అబౌట్ విభాగానికి 2,600 అక్షరాల పరిమితి. ఫోన్‌లో అబౌట్ తెరవకముందు కనిపించేది మొదటి రెండు మూడు వరుసలే, కాబట్టి “ఫలితాలపై దృష్టి పెట్టే ఉద్యోగిని” లాంటి మాటలకు అక్కడ చోటివ్వకూడదు. ఈయన అబౌట్ కంటైనర్ల సంఖ్యతో, 55 శాతంతో మొదలవుతుంది. హెడ్‌లైన్‌లో హోదా, రసాయనాల దిగుమతులు, విశాఖపట్నం ఉన్నాయి. రూపాయలు లేవు.

ప్రొఫైల్‌తో పాటు, బయటికి ఇవ్వని కాగితం ఒకటి తయారైంది. ప్రతి ఆదా వాక్యానికి ఒక పేజీ: లెడ్జర్‌లో ఏ జీఎల్ ఖాతా, SAP రిపోర్టు FBL3Nలో ఏ తేదీల మధ్య, పెట్టెలు ఎన్ని, ఏది తీసేశాం, ఎందుకు తీసేశాం, ఎవరి వాటా ఎంత. కంపెనీ డేటా ఏదీ ఇంటికి తెచ్చుకోకుండా తలకెక్కించుకోవాల్సిన కాగితం అది. ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. “పెట్టెలు తగ్గడం వల్ల తగ్గిందేమో?” అంటే, పెరిగాయండి, 412 నుంచి 468. “మీరు లేకపోయినా తగ్గేదేమో?” అంటే, ఫ్రీ డేస్ భాగం తగ్గేదే, అందుకే దాన్ని నా వంతులో వేసుకోలేదు. “మీరు వచ్చేశాక అది నిలబడుతుందా?” అంటే, స్లాట్ చార్టు, కాగితాల చెక్‌లిస్టు ఇప్పుడు ఎవరు నడుపుతున్నారో చెప్పగలగాలి. ఈ చివరి ప్రశ్నకు ఆయన దగ్గర మొదట జవాబు లేదు. చెక్‌లిస్టు తన మెయిల్‌లోనే ఉంది. దాన్ని విభాగం ఫోల్డర్‌లో పెట్టి, తన కింది ఇద్దరికి అప్పజెప్పాకే ఆ మాట చెప్పుకోగలిగారు.

ఈ వాక్యాలకు గడువు కూడా ఉంది. 18 లక్షలు 2023-24కే. మరుసటి ఏడాదీ పెట్టెకు 6 వేలే పడితే అది కొత్త ఆదా కాదు, అదే ఇప్పుడు పాత రేటు. “మూడేళ్లలో 54 లక్షలు” అని గుణించి రాయకూడదు. రాయాలంటే 6 వేలను ఎంతకు దించారో చెప్పాలి. లేదా సంవత్సరం వేసి, “తర్వాత కూడా అదే స్థాయిలో నిలిపాను” అని ఒక్క మాట చేర్చి వదిలేయాలి.